ఫైట్‌లో ఎఫ్‌పీఎస్ సగానికి పడిపోతుంటే గ్రాఫిక్స్ కార్డు మార్చాలా?

*అన్నా, నేను హనుమకొండలో బీటెక్ మూడో సంవత్సరం. రోజూ వాలరెంట్ ఆడతా, అప్పుడప్పుడు సీఎస్2. పీసీలో రైజెన్ 5 3600, బీ450 బోర్డు, 16 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, జీటీఎక్స్ 1660 సూపర్ ఉన్నాయి. మానిటర్ 75 హెర్ట్జ్. సెట్టింగ్స్ అన్నీ లో. ఒక్కడినే తిరుగుతుంటే 220 ఎఫ్‌పీఎస్ వస్తుంది, సైట్‌లో అందరూ ఒకేసారి ఎబిలిటీలు వేస్తే 110కి పడిపోతుంది. ఎదుటోడు సరిగ్గా కనపడే లోపే చచ్చిపోతున్నా. పార్ట్‌టైమ్ చేసి నలభై వేలు దాచుకున్నా. ఫ్రెండ్సూ, షాపతనూ పెద్ద గ్రాఫిక్స్ కార్డు వేసుకోమంటున్నారు. కొనమంటావా?*

తమ్ముడూ, కార్డు జోలికి ఇప్పుడే వెళ్లకు. నీ 1660 సూపర్ ఈ రెండు ఆటలకూ ఇంకా సరిపోతుంది. నీ పీసీలో వెనకబడ్డవి ప్రాసెసర్, ర్యామ్, అన్నిటికంటే ముందు ఆ మానిటర్. అయితే నేను చెప్పానని నమ్మేయకు. డబ్బు తీసేముందు నీ కళ్లతో నువ్వే చూసుకో, ఐదు నిమిషాల పని.

వాలరెంట్ సెట్టింగ్స్‌లో `VIDEO` కింద `STATS` అని ఉంటుంది. అందులో `Client FPS`, `CPU Frame Time`, `GPU Frame Time` ఈ మూడూ అంకె, గీత రెండూ కనిపించేలా పెట్టు. ఇప్పుడు ప్రాక్టీస్ రేంజ్‌కి కాకుండా, ఎబిలిటీలు ఉండే టీమ్ డెత్‌మ్యాచ్‌కి వెళ్లు. రేంజ్‌లో ఎవరూ ఉండరు కాబట్టి అక్కడి అంకెలు చూసి ఏమీ తేల్చలేం. ఆ ఫ్రేమ్ టైమ్ రెండూ మిల్లీసెకన్లలో ఉంటాయి. ఒక్క ఫ్రేమ్ తయారు కావడానికి ప్రాసెసర్ ఎంతసేపు తీసుకుంది, కార్డు ఎంతసేపు తీసుకుంది అన్నదే ఆ లెక్క. రెండిట్లో ఏది ఎక్కువైతే ఎఫ్‌పీఎస్ దాన్ని బట్టే నడుస్తుంది.

నీ పీసీలో ఏం కనిపిస్తుందో నా అంచనా చెప్తాను. 220 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కో ఫ్రేమ్‌కి సుమారు 4.5 మిల్లీసెకన్లు. ఆ టైమ్‌లో ప్రాసెసర్ గీత 4.5 దగ్గర, కార్డు గీత 3 దగ్గర ఉంటాయి. సైట్ మీద గోల మొదలయ్యాక 110 ఎఫ్‌పీఎస్ అన్నావు కదా, అంటే ఫ్రేమ్‌కి 9 మిల్లీసెకన్లు. అప్పుడు ప్రాసెసర్ గీత 9కి ఎగబాకుతుంది, కార్డు గీత మాత్రం మూడు, మూడున్నర దగ్గరే కదలకుండా ఉంటుంది. ఇప్పుడు షాపతను చెప్పిన కార్డు వేశావనుకో. ఆ మూడున్నర కాస్తా ఒకటిన్నర అవుతుంది. ప్రాసెసర్ తొమ్మిది తొమ్మిదిలాగే ఉంటుంది కాబట్టి స్క్రీన్ మీద 110 కూడా 110గానే ఉంటుంది. పెళ్లిలో వంట ఆలస్యమైతే వడ్డించేవాళ్లను పెంచి లాభం లేనట్టే.

ఇలా ఎందుకవుతుందంటే, వాలరెంట్ బొమ్మను కావాలనే తేలిగ్గా చేశారు, పాత కంప్యూటర్లలో కూడా నడవాలని. లో సెట్టింగ్స్‌లో, 1080పీ లో, కార్డుకి గీయాల్సింది పెద్దగా ఉండదు. ప్రాసెసర్ పని మాత్రం సెట్టింగ్ తగ్గించినా అంతగా తగ్గదు. పదిమంది ఆటగాళ్లు ఎక్కడున్నారు, ఎవరి చేయి ఎటు కదిలింది, అడుగుల చప్పుడు ఏ వైపు నుంచి రావాలి, సర్వర్ నుంచి వచ్చిన సమాచారం ఏంటి, నీ మౌస్ ఎంత జరిగింది, ఇవన్నీ ప్రతి ఫ్రేమ్‌కీ లెక్కకట్టి ఆ తర్వాతే ఏం గీయాలో కార్డుకి చెప్పాలి. ఇందులో చాలా భాగం ఒకదాని తర్వాత ఒకటి, ఒకటి రెండు కోర్ల మీదే జరగాలి. అందుకే ఎనిమిది కోర్లా పన్నెండు కోర్లా అన్నదానికన్నా ఒక్కో కోర్ ఎంత వేగంగా పనిచేస్తుంది, దానికి కావాల్సిన డేటా ఎంత దగ్గరలో ఉంది అన్నదే ఇక్కడ ముఖ్యం.

సీఎస్2 లో ఇలాంటి రెండు గీతలు సులువుగా కనపడవు కాబట్టి వేరే పరీక్ష పెట్టుకో. కన్సోల్ తెరిచి ఇది కొట్టు:

```
fps_max 0
cl_showfps 1
```

1920x1080 లో ఒక డెత్‌మ్యాచ్ ఆడి, జనం ఎక్కువున్న చోట ఎంత వస్తుందో చూసుకో. తర్వాత రిజల్యూషన్ 1280x960 కి తగ్గించి అదే మ్యాప్‌లో మళ్లీ చూడు. పిక్సెళ్లు సుమారు నలభై శాతం తగ్గాయి కాబట్టి కార్డే అడ్డమైతే ఎఫ్‌పీఎస్ బాగా పెరగాలి. పెరగలేదంటే అడ్డం ప్రాసెసరే. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. సీఎస్2 వాలరెంట్ కన్నా కార్డుని ఎక్కువ వాడుతుంది. ముఖ్యంగా కళ్ల ముందే స్మోక్ పడ్డప్పుడు నీ 1660 సూపర్ కాస్త ఆయాసపడొచ్చు. దానికి మందు కొత్త కార్డు కాదు. చాలామంది ప్రొఫెషనల్ ప్లేయర్లు ఈ రోజుకీ 4:3 లో 1280x960 పెట్టుకునే ఆడతారు. నువ్వూ అదే పెట్టుకో, లేదా యాంటీ అలియాసింగ్ ఒక మెట్టు దించు.

ఇక ఆ నలభై వేల సంగతి. అందరికన్నా ముందు ఆ ఒంటరి ర్యామ్ స్టిక్‌కి తోడు తేవాలి. టాస్క్ మేనేజర్‌లో `Performance`, అందులో `Memory` తెరువు. `Slots used` దగ్గర ఒకటే అని ఉంటుంది. దాని పక్కనే `Speed` ఎంతుందో చూడు. నీ స్టిక్ డబ్బా మీద 3200 అని ఉండి ఇక్కడ 2400 అనో 2666 అనో కనిపిస్తే, బయాస్‌లో ర్యామ్‌ని పూర్తి స్పీడ్‌లో నడిపే ఎక్స్‌ఎంపీ ఎవరూ ఆన్ చెయ్యలేదన్న మాట. అసెంబుల్ చేసిచ్చిన షాపుల్లో ఇది మర్చిపోవడం చాలా మామూలు. అది ఆన్ చెయ్యడానికి రూపాయి ఖర్చు లేదు, ఈ రోజే చేసెయ్.

ఒకటే స్టిక్ ఉంటే ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య ఉన్న రెండు దారుల్లో ఒకటి మూసి ఉన్నట్టే, డేటా వచ్చే వేగం సగమే. ఫైట్ మొదలవగానే ప్రాసెసర్‌కి ఒక్కసారిగా బోలెడంత డేటా కావాలి, దెబ్బ అక్కడే పడుతుంది. అదే కంపెనీ, అదే మోడల్, అదే స్పీడ్ ఉన్న రెండో స్టిక్ తీసుకో. బోర్డులో నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోదానిలో, నాలుగోదానిలో పెట్టాలి. పక్కపక్కన పెడితే మళ్లీ ఒకే దారిలో నడిచే అవకాశం ఉంది. పెట్టాక అదే డెత్‌మ్యాచ్‌లో ఆ గీతలు మళ్లీ చూడు. 9 అన్నది కాస్త కిందికి దిగాలి.

తర్వాత మానిటర్. నిజానికి నువ్వు రాసిన చివరి బాధ, కనపడే లోపే చచ్చిపోవడం, ఎక్కువ భాగం దీనిదే. 75 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు 75 సార్లే బొమ్మ మారుస్తుంది, అంటే 13.3 మిల్లీసెకన్లకి ఒకసారి. పీసీ 220 ఫ్రేములు తయారుచేసినా నీకు పూర్తిగా అందేవి వాటిలో మూడో వంతే. ఎదుటివాడు గోడ పక్కనుంచి బయటికి వచ్చిన క్షణం మానిటర్ బొమ్మ మార్చిన వెంటనే అయ్యిందనుకో, అతని భుజం నీకు కనపడటానికే ఇంకో 13 మిల్లీసెకన్లు ఆగాలి. అతని దగ్గర 240 హెర్ట్జ్ ఉంటే అదే ఎదురుచూపు 4.2 మిల్లీసెకన్లు. పోల్చడానికి చెప్తున్నా, వాలరెంట్ సర్వర్ సెకనుకు 128 సార్లు లెక్క సరిచేసుకుంటుంది, అంటే 7.8 మిల్లీసెకన్లకి ఒకసారి. నీ మానిటర్ ఒక్కసారి బొమ్మ మార్చే లోపు సర్వర్ ఒకటిన్నర అడుగు ముందుకు వేసేసింది.

ఇంకో లాభం కూడా ఉంది, అంకెల్లో పట్టుకోలేనిది. పక్కకి పరిగెత్తేవాడు 75 హెర్ట్జ్‌లో ఎగిరెగిరి దూకినట్టు కనిపిస్తాడు. 240 లో మధ్యలో ఎక్కువ బొమ్మలు ఉంటాయి కాబట్టి కన్ను అతన్ని వదలదు. అలా తలమీద క్రాస్‌హెయిర్ నిలబెట్టడం తేలికవుతుంది. 75 నుంచి 144 కి వెళ్లినప్పుడు ఎదురుచూపు ఆరున్నర మిల్లీసెకన్లు తగ్గుతుంది, 144 నుంచి 240 కి వెళితే సుమారు మూడు, 240 నుంచి 360 కి ఒకటిన్నర కూడా కాదు. అందుకే 360, 480 అని రాసిన డబ్బాల వైపు చూడకు. 24 అంగుళాల 1080పీ, ఐపీఎస్ ప్యానెల్, 240 హెర్ట్జ్ చాలు. డబ్బు సరిపోకపోతే 165 లేదా 180 అయినా ఫరవాలేదు. చవగ్గా వస్తుందని వీఏ ప్యానెల్ మాత్రం వద్దు. వాటిలో చాలావాటికి చీకటి మూలల్లో కదిలే మనిషి వెనక నల్లగా మరక సాగుతుంది, ఈ ఆటల్లో అదే చంపేస్తుంది. 1440పీ కూడా ఇప్పుడు వద్దు. పిక్సెళ్లు దాదాపు ఎనభై శాతం పెరిగితే అప్పుడు నిజంగానే నీకు కొత్త కార్డు కావాల్సి వస్తుంది.

డబ్బా మీద '1 ఎంఎస్' అని పెద్ద అక్షరాలతో రాస్తారు. దాన్ని ఆలస్యం లెక్క అనుకోకు. అది పిక్సెల్ రంగు మారే వేగం, అదీ మానిటర్ మెనూలో ఓవర్‌డ్రైవ్‌ని ఆఖరికి తిప్పినప్పుడు వచ్చేది. అలా తిప్పితే కదిలే వస్తువుల వెనక తెల్లటి నీడ కనిపిస్తుంది. మధ్య మెట్టు దగ్గర ఉంచితే చాలు.

కొత్త మానిటర్ తెచ్చాక చాలామంది నెలల తరబడి 60 లోనే ఆడేస్తుంటారు. విండోస్ తనంతట తాను ఎక్కువ హెర్ట్జ్ పెట్టకపోవచ్చు. `Settings`, `System`, `Display`, `Advanced display` దాకా వెళ్లి `Choose a refresh rate` దగ్గర నువ్వే ఎంచుకోవాలి. లిస్టులో 240 కనపడకపోతే ముందు కేబుల్ చూడు. కొన్ని మానిటర్లకి హెచ్‌డీఎంఐ పోర్టులో పూర్తి హెర్ట్జ్ రాదు, డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌తోనే కలపాలి. ఆటలో వీసింక్ ఆఫ్, `NVIDIA Reflex Low Latency` ఆన్. 1660 సూపర్‌కి రిఫ్లెక్స్ పనిచేస్తుంది. కార్డు ముందు ఫ్రేములు క్యూ కట్టకుండా చూడటం దాని పని. నీకు ప్రస్తుతం కార్డే ఖాళీగా ఉంటోంది కాబట్టి దాని వల్ల పెద్ద తేడా రాదు, అయినా ఆన్‌లో ఉంచితే నష్టం లేదు. పెద్ద కార్డులు అమ్మేవాళ్లు ఫ్రేమ్ జనరేషన్ గురించి చెప్తే మాత్రం చెవిన పెట్టకు. అది ఉన్న రెండు ఫ్రేముల మధ్య ఒకటి ఊహించి ఇరికిస్తుంది. అంకె పెరుగుతుంది కానీ రెండో ఫ్రేము నీకు ఆలస్యంగా చేరుతుంది. కథ ఉన్న ఆటలకి బాగుంటుంది, మనకి కాదు.

మానిటర్ వచ్చాక 110కి పడిపోవడం ఇంకా ఎక్కువ తెలుస్తుంది, ఎందుకంటే ఇంతకుముందు 75 దాన్ని దాచిపెట్టింది. ఇక్కడే ప్రాసెసర్ వంతు వస్తుంది. నీ అదృష్టం ఏంటంటే బీ450 బోర్డు ఏఎమ్4 సాకెట్ కాబట్టి బోర్డూ ర్యామూ మార్చకుండానే రైజెన్ 5000 సిరీస్ వేసుకోవచ్చు. ఎక్కడైనా సరైన ధరకి దొరికితే రైజెన్ 7 5700ఎక్స్3డీ తీసుకో. దొరకకపోతే రైజెన్ 5 5600.

3600 కీ 5600 కీ పేరులో తేడా చిన్నదే గానీ లోపల సంగతి వేరు. నీ 3600 లో ఉన్న 32 ఎంబీ ఎల్3 క్యాష్, అంటే చిప్ లోపలే ఉండే వేగమైన మెమరీ, రెండు 16 ఎంబీ ముక్కలుగా విడిపోయి ఉంటుంది, మూడు కోర్లకి ఒక ముక్క. 5600 లో ఆ 32 ఎంబీ ఆరు కోర్లకీ ఉమ్మడి. పైగా ఒక్కో కోర్ పనితనం కూడా పెరిగింది. 5700ఎక్స్3డీ లో అదే క్యాష్ 96 ఎంబీ. ఈ ఆటల్లో ప్రాసెసర్ ప్రతి ఫ్రేమ్‌కీ అవే డేటాని మళ్లీ మళ్లీ తిరగేస్తుంటుంది. అది క్యాష్‌లో దొరికితే చటుక్కున అందుతుంది, ర్యామ్ దాకా వెళ్లాల్సి వస్తే దానికి కొన్ని రెట్లు ఎక్కువ సమయం పడుతుంది. అందుకే క్లాక్ స్పీడ్ తక్కువే అయినా ఎక్స్3డీ చిప్‌లు సీఎస్2 లాంటి ఆటల్లో ముందుంటాయి, ముఖ్యంగా ఫైట్ మధ్యలో ఎఫ్‌పీఎస్ పడిపోయే దగ్గర. సగటు ఎఫ్‌పీఎస్ కన్నా నువ్వు చూసుకోవాల్సింది ఆ కింది అంకెనే. 220 కాస్తా 300 అవ్వడం కన్నా 110 కాస్తా 180 అవ్వడం నీకు ఎక్కువ ఉపయోగం.

ఎక్స్3డీ తీసుకుంటే కూలర్ విడిగా కొనాలి, డబ్బాలో రాదు. ఆ చిప్ 90 డిగ్రీలు దాటితే తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది, మన దగ్గర మే నెలలో ఏసీ లేని గదిలో ఆడతావు కాబట్టి ఒక మంచి టవర్ ఎయిర్ కూలర్ లెక్కలో వేసుకో. అందుకే నలభై వేలలో ర్యామూ, మానిటరూ అయ్యాక మిగిలింది చూసి నిర్ణయించుకో. బిగుతుగా ఉంటే 5600 చాలు, దానికి కూలర్ డబ్బాలోనే వస్తుంది.

మార్చేటప్పుడు వరస తప్పితే ఒక రోజంతా పోతుంది. మొదట పాత 3600 ఉండగానే బోర్డు కంపెనీ సైట్‌లో నీ మోడల్ పేజీకి వెళ్లి, కొత్త ప్రాసెసర్ ఏ బయాస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో చూసి, బయాస్ అప్‌డేట్ చెయ్యి. ముందే కొత్త చిప్ పెట్టేస్తే పాత బయాస్ దాన్ని గుర్తుపట్టదు, స్క్రీన్ నల్లగానే ఉంటుంది. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోకూడదు, యూపీఎస్ మీద పెట్టి చెయ్యి. అప్‌డేట్‌కి ముందే విండోస్‌లో డ్రైవ్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి రికవరీ కీ ఫోన్‌లో రాసిపెట్టుకో. కొత్త చిప్ పెట్టాక మొదటి బూట్‌లో, ప్రాసెసర్‌లో భద్రతా కీలు దాచే ఎఫ్‌టీపీఎమ్‌ని రీసెట్ చెయ్యాలా అని అడగవచ్చు. అవునంటే ఆ కీ లేకుండా విండోస్ లోపలికి రానివ్వదు.

కూలర్ తీసే ముందు పది నిమిషాలు ఏదైనా ఆట నడిపి ప్రాసెసర్‌ని వేడెక్కించి, పీసీ ఆపి, ప్లగ్ తీసి, కూలర్‌ని కొద్దిగా అటూ ఇటూ తిప్పుతూ లేపు. ఏఎమ్4 చిప్‌ల కింద పిన్నులుంటాయి. పేస్ట్ గట్టిపడి ఉండగా నిటారుగా లాగితే లాక్ వేసి ఉన్నా సరే, చిప్ కూలర్‌కి అంటుకుని ఊడి వచ్చేస్తుంది. పిన్నులు వంగితే ఆ 3600 ని ఎవరూ కొనరు. దాన్ని అమ్మితే వచ్చే డబ్బు నీకు ఇప్పుడు అవసరం.

బయాస్ అప్‌డేట్‌తో సెట్టింగ్స్ అన్నీ మొదటికి వస్తాయి. అంటే ఎక్స్‌ఎంపీ మళ్లీ ఆఫ్. విండోస్ 11 అయితే వాలరెంట్ `VAN9001` అనో `VAN9003` అనో చూపించి తెరుచుకోదు కూడా. కంగారు పడకు. బయాస్‌లో ఎఫ్‌టీపీఎమ్, సెక్యూర్ బూట్ రెండూ మళ్లీ ఆన్ చేస్తే సరిపోతుంది. అక్కడే ఎక్స్‌ఎంపీ కూడా పెట్టేసి రా.

మౌస్ గురించి అడగలేదు గానీ ఒక్క మాట. పోలింగ్ రేట్ 1000 హెర్ట్జ్ ఉంటే చాలు, అంటే మిల్లీసెకనుకోసారి. 125 లో ఉంటే ఒక్క మౌస్ దగ్గరే 8 మిల్లీసెకన్ల దాకా పోతాయి, దాని సాఫ్ట్‌వేర్‌లో మార్చుకోవచ్చు. 8000 అని అమ్మేవి ప్రాసెసర్ మీద బరువు వేస్తాయి, నీకు అసలు లోటే అక్కడ. వైఫై మీద ఆడుతుంటే హాస్టల్ అయినా ఇల్లయినా ఒక ల్యాన్ కేబుల్ లాగించు. ముంబై సర్వర్‌కి పింగ్ తక్కువే చూపించినా వైఫైలో అది ఆగి ఆగి ఎగురుతుంటుంది, ఏ మానిటరూ దాన్ని సరిచెయ్యలేదు.

అన్నీ అయ్యాక మళ్లీ అదే డెత్‌మ్యాచ్‌లో ఆ రెండు గీతలు చూడు. ఫైట్ మధ్యలో ప్రాసెసర్ గీత నాలుగైదు దగ్గరికి దిగి, కార్డు గీత దాన్ని దాటి పైకి వెళ్తోందంటే అప్పుడు షాపతని దగ్గరికి వెళ్లి కార్డు గురించి మాట్లాడు.